మూలంలో ఇలాగే ఉంది

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. తప్పు. ముక్కు మీద ఉంటే ఒక తుమ్ముతో పోయేది. నాది కడుపులో ఉంటుంది, అక్కడ కుదురుగా కూర్చుని రాజుకుంటుంది, సరిగ్గా నోరు మూసుకోవాల్సిన చోట నోట్లోకి వస్తుంది. ఆ రోజూ అదే జరిగింది. జరిగింది జరిగినట్టే చెప్తాను, నా తప్పుతో సహా.

నా ఉద్యోగం అనువాదం. ఇంగ్లీషు కాగితాల్ని అరబ్బీలోకి, అరబ్బీ కాగితాల్ని ఇంగ్లీషులోకి మారుస్తాను. పెళ్లి సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, ఆస్పత్రి చీటీలు, చనిపోయినవాళ్ల కాగితాలు, అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. మా నాన్నకి అరబ్బీ మాట్లాడే ఊళ్లో రేవులో ఉద్యోగం ఉండేది కాబట్టి పన్నెండేళ్లు అక్కడి బళ్లోనే చదివాను. ఆ చదువే ఇప్పుడు అన్నం పెడుతోంది. ఆఫీసంటే పెద్దదేమీ కాదు, జెరాక్స్ షాపు పైన రెండు గదులు. పనిచేయని ఏసీ ఒకటి, పనిచేసే ఫ్యాన్లు రెండు. యజమాని ఒకప్పుడు కోర్టులో గుమాస్తా. ఆయనకు అరబ్బీ ఒక్క ముక్క రాదు, కానీ గుండ్రటి స్టాంపు మాత్రం ఆయన సొరుగులోనే తాళం వేసి ఉంటుంది. అందుకే ఆయన్ని అందరం స్టాంపు బాబాయ్ అంటాం. ఆయన ముందే అంటాం, ఆయనకూ సంతోషమే.

ఆ నెలంతా ఒకే రకం పని. అరబ్బు దేశంలో ఒక యూనివర్సిటీ, మా ఊరి కాలేజీలో నీళ్ల మీద పరిశోధన చేసే వాళ్లకి ఒక పీహెచ్‌డీ సీటు ఇస్తానంది. ఒకటంటే ఒకటే. చదువు ఇంగ్లీషులోనే అయినా అడ్మిషన్ కమిటీ చదివేది అరబ్బీలో కాబట్టి కాగితాలన్నీ అరబ్బీలో ఉండాలి. ప్రొఫెసర్లు రాసే సిఫార్సు ఉత్తరాలతో సహా. ప్రొఫెసరు తన గురించి ఏం రాశాడో విద్యార్థి చూడకూడదు. అందుకని ఆ ఉత్తరం మూసిన కవర్లో డిపార్ట్‌మెంటు నుంచి నేరుగా మా ఆఫీసుకే వస్తుంది. నేను కవరు చించి, అనువదించి, మూలాన్నీ అనువాదాన్నీ కలిపి కుట్టి, కొత్త కవర్లో పెడతాను. అతుకు మీద బాబాయ్ స్టాంపు వేస్తాడు.

ఆ సీటుకి అప్లై చేసినవాళ్లు ఇద్దరే. ఒకడు ఎవరో అబ్బాయి. రెండోది మా చెల్లెలి కూతురు.

మా చెల్లెలూ నేనూ ఒకే ఇంట్లో ఉంటాం, కింద వాళ్లు, పైన మేము. పిల్ల పుట్టినప్పటినుంచీ సగం నా దగ్గరే పెరిగింది. కాబట్టి దాని కాగితాలు నేను చెయ్యనని బాబాయ్‌కి ముందే చెప్పాను. ఆయన నవ్వి, ఈ ఆఫీసులో అరబ్బీ వచ్చిన చెయ్యి ఇంకొకటి ఉంటే చూపించమన్నాడు. లేదు మరి. సరే, చుట్టరికం ఇంట్లో పెట్టి ఆఫీసుకు వస్తానని నాకు నేనే చెప్పుకుని ఒప్పుకున్నాను.

రెండు కవర్లూ సోమవారం కలిసే వచ్చాయి. కాగితాలు కొరియర్‌కి ఇవ్వాల్సిన గడువు గురువారం. రెండు ఉత్తరాలు రాసిందీ ఒక్కరే, వాళ్లిద్దరికీ గైడుగా ఉన్న నీళ్ల ప్రొఫెసరు.

ముందు మా పిల్లది తీశాను. మూడు వాక్యాలు. ఈమె నా దగ్గర రెండేళ్లు చదివింది. క్లాసులకు క్రమం తప్పకుండా వచ్చేది, అప్పజెప్పిన పనిలో సహకరించేది. మంచి విద్యార్థిని. అంతే, కింద సంతకం.

ఇంగ్లీషులో 'మంచి' అన్నది మర్యాదగా గాలికి వదిలేసే మాట. అరబ్బీలో అదే మాటను 'జయ్యిద్' అని రాస్తే పీకల మీదికి వస్తుంది, ఎందుకంటే అక్కడ అది మార్కుల జాబితాలో ఉండే మాట. ముమ్‌తాజ్ అంటే మొదటి తరగతి, జయ్యిద్ జిద్దన్ అంటే రెండో తరగతి, జయ్యిద్ అంటే ఆ తర్వాతది. దాని కింద ఇక ఏదోలా గట్టెక్కినవాళ్లే. మార్కుల్లో ఫస్టు వచ్చిన పిల్లని ప్రొఫెసరే మూడో మెట్టు మీద నిలబెట్టినట్టు ఉంటుంది. పోనీ పెద్ద మాట వేద్దామా అంటే, ఆయన అనని మాట నేను అనిపించడం అవుతుంది. నేను దాని పెద్దమ్మనే కావచ్చు, దొంగనైతే కాను. ఆడపిల్ల కాబట్టి స్త్రీలింగంలో జయ్యిద అనే వేశాను. అప్పటికే కడుపులో రాజుకోవడం మొదలైంది.

తర్వాత అబ్బాయి ఉత్తరం తీశాను. పేజీన్నర. ఎంత బాగుందో ఆ ఉత్తరం. మొదటి పేరా చదవగానే ఎవరో నిజంగా బావుల వెంట తిరిగి రాసినట్టుంది. సముద్రం పక్క పల్లెల్లో నీళ్లలోకి ఉప్పు ఎంతవరకు వచ్చిందో కొలవడం వీళ్ల పని. అందరూ వాడకంలో ఉన్న బావుల్నే కొలుస్తారు. ఇతను మాత్రం జనం వాడటం మానేసిన బావుల్ని కూడా లెక్కలోకి తెచ్చాడట. దాంతో మొత్తం ఫలితమే మారిపోయిందట. మంచి బావులే కొలిస్తే నీళ్లు మంచివిగానే కనిపిస్తాయి కదా అని ఒక వాక్యం కూడా ఉంది.

ఆ వాక్యం దగ్గర నా పెన్ను ఆగిపోయింది. రెండేళ్లుగా ఆ వాక్యాన్ని మా డైనింగ్ టేబుల్ దగ్గర వింటున్నాను. పాడుబడ్డ బావుల గురించి ఆ పిల్ల చెప్పీ చెప్పీ మా ఆయన ఒకరోజు దండం పెట్టి, తల్లీ నువ్వు తింటూ బావుల్ని తోడుతున్నావు, నా పప్పు చల్లారిపోతోంది అన్నాడు. మోకాలి దాకా బురదతో వచ్చి మా మెట్ల మీద చెప్పులు విదిలించేది. ఆ మరకలు ఇప్పటికీ పోలేదు, మా చెల్లెలు తిట్టని రోజు లేదు.

పళ్లు బిగించి ముందుకు చదివాను. రెండో పేజీలో, మూడో వరసలో దొరికింది. 'ఇంత ప్రశాంతంగా తన లెక్కల్ని సమర్థించుకున్న విద్యార్థిని నేను అరుదుగా చూశాను' అన్న చోట, ఉత్తరమంతా 'అతని' అని ఉండి, అక్కడ ఒక్కచోట 'ఆమె లెక్కల్ని' అని ఉంది. 'హర్' అని మూడు అక్షరాలు. ఎవరో ఒక అమ్మాయి ఉత్తరాన్ని తీసుకుని అబ్బాయిగా మార్చారు, ఒక్కచోట మార్చడం మరిచిపోయారు.

ఇంగ్లీషులో అయితే కంటికి ఆనదు. అరబ్బీలో అలా కుదరదు. ఆ భాషలో చేసినవాడెవరో, చేసిందెవరో క్రియలోనే తెలిసిపోతుంది. ఆ ఒక్క మాటని 'బయానాతుహు' అంటే అతని లెక్కలు, 'బయానాతుహా' అంటే ఆమె లెక్కలు. మధ్యలో దాక్కోవడానికి చోటు లేదు. ఇలాంటప్పుడు మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఉన్నది ఉన్నట్టే రాసి, పక్కన బ్రాకెట్లో 'కదా ఫిల్ అస్ల్' అని పెడతాం. మూలంలో ఇలాగే ఉంది అని అర్థం. మన 'కదా'కీ ఆ 'కదా'కీ చుట్టరికం లేదు, కానీ అదీ వేలెత్తి చూపించేదే. కమిటీలో ఎంత నిద్రమొహం వాడైనా ఆ బ్రాకెట్ దగ్గర లేచి కూర్చుంటాడు.

అలా రాసేసి ఊరుకోవాల్సింది. ఈ ముక్క ఇక్కడే ఒప్పుకుంటున్నాను. రాసి, స్టాంపు వేయించి, కవరు మూసి, ఇంటికెళ్లి కాఫీ తాగాల్సింది.

ముందు బాబాయ్‌కి చూపించాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, ఇది టైపు తప్పమ్మా, సరిచేసేయ్, పాపం ఆ కుర్రాడికి ఎందుకు లేనిపోనిది అన్నాడు. సరిచెయ్యడం నా పని కాదన్నాను. అయితే రాసినాయన్నే అడుగు, అనుమానమొస్తే అడగడం మన హక్కేగా అన్నాడు. అదీ నిజమే. మూలంలో సందేహం వస్తే రాసినవాళ్లని అడుగుతాం. అడగొచ్చు. కానీ నేను అడగడానికి వెళ్లలేదు, కడిగెయ్యడానికి వెళ్లాను.

మంగళవారం పొద్దున్నే కాలేజీకి వెళ్లాను. దారి పొడుగునా ఒకటే మాట చెప్పుకున్నాను. నేను అనువాదకురాలిని, ఒక మాట గురించి వచ్చాను, అంతే. ఎవరి పెద్దమ్మనీ కాను.

ప్రొఫెసరు గది చల్లగా, శుభ్రంగా ఉంది. గోడ మీద పెద్ద మ్యాపు, దాని మీద ఎర్ర గుండుసూదులు. మనిషి చాలా మర్యాదస్థుడు, అదే నాకు ఒళ్లు మండించింది. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. ఉత్తరం తీసి ఆ వరస మీద వేలు పెట్టాను. అతను, ఆమె, ఏది రాయమంటారు సార్ అని అడిగాను. ఆయన చూసి, అరెరె అని చిన్నగా నవ్వాడు. ఎక్కడా తడబాటు లేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

ఆయనే చెప్పుకొచ్చాడు, నేను అడక్కుండానే. ఈ ఉత్తరాలు రాసే తీరిక ఆయనకెక్కడిది, ఏటా యాభై రాయాలి. కాబట్టి ఎవరి ఉత్తరం వాళ్లనే రాసుకు రమ్మంటాడట, చూసి సంతకం పెడతాడట. అమ్మాయి రాసుకొచ్చింది చాలా చక్కగా ఉందట. అబ్బాయికి రాయడం రాదట, ఖాళీ చేతులతో వచ్చాడట. అందుకని అమ్మాయి రాసిందాంట్లో పేరు మార్చి అబ్బాయికి ఇచ్చేశాడు.

అమ్మాయికేమిచ్చారని అడిగాను.

"ఒకే ఉత్తరం రెండుసార్లు ఒకే చోటికి పంపితే బాగుండదు కదండీ" అన్నాడాయన. "అందుకని ఆ అమ్మాయికి నేనే చిన్నది రాసిచ్చాను."

అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తర్వాత నేనేమన్నానో అన్నీ గుర్తు లేవు, కొన్ని గుర్తున్నాయి, అవి చాలు. సొంతంగా ఒక్క ముక్క రాయడం చేతకాని వాడికి ఆ పిల్ల చెమటంతా దోసిట్లో పోసిచ్చారా అన్నాను. ఒక్క బావిలోకైనా తమరు తొంగి చూశారా అన్నాను. మ్యాపు మీద సూదులు గుచ్చితే కాళ్లకి బురద అంటదు సార్ అన్నాను. ఆ పిల్ల నా చెల్లెలి కూతురన్నదీ అనేశాను. పక్క గదిలోంచి ఒకరిద్దరు తలుపు దగ్గరికొచ్చి గుడ్లప్పగించి చూశారు. నేను గుక్క తిప్పుకోవడానికి ఆగాను.

ఆగాక, ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. రెండు మీటలు నొక్కాడు. ప్రింటరు గర్రుమని ఆ ఉత్తరాన్నే కొత్తగా కక్కింది. సంతకం పెట్టి, తేదీ వేసి, కవర్లో పెట్టి అతికించి నా ముందుకు తోశాడు. నేను తెచ్చిన ఉత్తరాన్ని నాలుగుగా చింపి బుట్టలో వేశాడు.

"థాంక్సండీ. మీరు చెప్పకపోతే ఆ తప్పు అలాగే పోయుండేది" అన్నాడు.

మెట్లు దిగుతుంటే తెలిసొచ్చింది ఏం చేశానో. ఆ ఉత్తరంలో నిజం ఒక్క మాటలో మిగిలింది, అదీ పొరపాటున. దాన్ని నేనే పట్టుకెళ్లి ఆయన చేతికిచ్చి, ఇదిగో ఇక్కడుంది చెరిపెయ్యండి అని చెప్పొచ్చాను. నాలుక కరుచుకుంటే ఏం లాభం? రోడ్డు మీద నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను, ఒక ఆటోవాడు నన్నేనా అని అడిగాడు.

ఆఫీసుకొచ్చి ఆ కవరు బాబాయ్ బల్ల మీద విసిరేశాను. ఈ దిక్కుమాలిన ఉత్తరం నేను ముట్టుకోను, ఎవడికిస్తారో ఇచ్చుకోండి అన్నాను. బాబాయ్ వాదించలేదు. ఎదురు వీధిలో ఇంకో ఆఫీసుంది, రేపు అక్కడికి పంపిస్తాలే అన్నాడు. ఆయనకు నా కోపం ఎప్పుడు తగ్గుతుందో లెక్క తెలుసు, సాధారణంగా రెండు టీలు. ఆ రోజు నాలుగు తాగినా తగ్గలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా పిల్ల పైనే ఉంది, మా వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తోంది. కవర్లో ఉన్నది చెప్పకూడదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. మొదటినుంచీ చివరిదాకా, ఆ మూడు వాక్యాలూ, ఈ పేజీన్నరా, నేను కాలేజీలో చేసిన వీరంగం, కొత్త ప్రింటు, బుట్టలో ముక్కలు, అన్నీ.

ఏడుస్తుందనుకున్నాను. పక్కన కూర్చుని ఓదార్చడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. అది కత్తిపీట పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, ఆ 'ఆమె' అన్న మాట ఏ వరసలో ఉందని అడిగింది. చెప్పాను. ఆ వాక్యం తనకు చాలా ఇష్టమనీ, రెండు రోజులు కూర్చుని రాశాననీ అంది. బీరకాయ తొక్కలన్నీ ఒక్కచోటికి చేర్చింది.

"నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు పెద్దమ్మా" అంది చివరికి. "ఉన్నది ఉన్నట్టు రాసుంటే చాలు. రోజూ చేసే పనే కదా."

మా ఆయన పేపర్ వెనక నుంచి తల కూడా ఎత్తలేదు, అది ఆయన మంచితనం.

"నీ కోపం తీరింది. నా సీటు పోయింది" అంది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అనుంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఆ అబ్బాయిని తిట్టబోతే ఆపింది. వాడికేమీ తెలియదట, ఉత్తరం సంగతి నేను చూసుకుంటానని సార్ అన్నాడట, అందులో ఏముందో వాడూ చూడలేదు. మంచివాడేనట. బావుల దగ్గర తను తాడు వదులుతుంటే పైన గొడుగు పట్టుకునేవాడట. అది విని నాకు ఇంకా మండింది, కానీ ఈసారి మింగేశాను. మింగడం కూడా వచ్చని అప్పుడే తెలిసింది.

అన్నం తిన్నాక అది ఒక ప్రశ్న అడిగింది. ఒకే ఇంగ్లీషు వాక్యం రెండు వేరు వేరు కాగితాల్లో వస్తే, రెండిట్లోనూ ఒకే అరబ్బీ వస్తుందా అని. ఒకే మనిషి చేస్తే వస్తుంది, వేరే మనిషి చేస్తే మాటలు మారతాయి అన్నాను. నా ముఖంలోకి చూసింది. దాని ఆలోచన ఎటు పోతోందో నాకు మెల్లగా అర్థమైంది.

అప్లికేషన్లో సిఫార్సు ఉత్తరం ఒక్కటే కాదు, విద్యార్థి తన పని గురించి తనే రాసుకునే కాగితం కూడా ఉంటుంది. దానిది ఇంకా నా బల్ల మీదికి రాలేదు. అందులో తను ప్రొఫెసరుకి రాసిచ్చిన వాక్యాల్నే పెడతానంది. ఒక్కటి కూడా మార్చకుండా, 'ఆమె' ఉన్నచోట 'నేను' అని. కాపీ కొట్టిందంటారేమో అన్నాను. తనూ భయపడుతూనే, అనొచ్చు, కానీ ఎవరు కొట్టారో అడుగుతారుగా, అడిగితే చెప్పగలను అంది.

రెండు కాగితాలూ ఒకే చెయ్యి చెయ్యాలి కాబట్టి బుధవారం పొద్దున బాబాయ్ తలుపు తియ్యకముందే మెట్ల మీద కూర్చున్నాను. ఎదురు వీధికి పంపబోయే కవరు వెనక్కి తీసుకున్నాను. బాబాయ్ నా వైపు అనుమానంగా చూశాడు గానీ అడగలేదు.

ఆ అబ్బాయి ఉత్తరాన్ని ఆ రోజు చేసినంత బాగా నా జన్మలో ఏ కాగితమూ చెయ్యలేదు. పళ్లు నూరుకుంటూనే చేశాను. 'తహియ్యతన్ తయ్యిబతన్ వ బాద్' అనే మర్యాద పలకరింపుతో మొదలుపెట్టి, కమిటీ సభ్యులకు ఇవ్వాల్సిన గౌరవమంతా ఇచ్చి, ప్రతి క్రియనీ పుంలింగంలో పెట్టి, చివర 'మా అత్యున్నత గౌరవాన్ని స్వీకరించగలరు' అనే అర్థమొచ్చే వాక్యంతో ముగించాను. అతను బావుల్ని ఎంచాడు, అతను కొలిచాడు, అతను మార్చాడు. తర్వాత మా పిల్ల కాగితం తీసుకుని అవే వాక్యాలు, అవే మాటలు, అదే వరసలో, నేను ఎంచాను, నేను కొలిచాను, నేను మార్చాను. అరబ్బీలో అన్ని క్రియలకీ ఆడా మగా ఉంటుంది, 'నేను' అన్నదానికి మాత్రం ఉండదు. నాకు ఎప్పట్నుంచో తెలిసిన వ్యాకరణమే, ఆ రోజే పనికొచ్చింది. ఆ మూడు వాక్యాల ఉత్తరం కూడా అలాగే పెట్టాను, జయ్యిదతో సహా. గురువారం మధ్యాహ్నం అన్నీ కొరియర్‌లో వెళ్లిపోయాయి.

మూడు వారాలు ఏమీ లేదు. మా పిల్ల మామూలుగానే తిరిగింది, నాతో మామూలుగానే మాట్లాడింది, పెద్దమ్మా అని పిలవడం మాత్రం కొంచెం తగ్గింది. ఆ తగ్గడం నాకు ఎంత గుచ్చుకుందో ఎవరికి చెప్పను?

నాలుగో వారం ఒక మధ్యాహ్నం ప్రొఫెసరు మా మెట్లెక్కి వచ్చాడు, రొప్పుతూ. చేతిలో ప్రింటు తీసిన ఈమెయిల్ ఒకటి ఉంది. యూనివర్సిటీ నుంచి వచ్చింది, అంతా అరబ్బీ. తేదీ, టైము అంకెల్లో ఉండటంతో సాయంత్రంలోగా జవాబు కావాలన్నది ఒక్కటే ఆయనకు అర్థమైంది. నన్ను చూడగానే ఆగాడు, కానీ ఇంకెక్కడికెళ్తాడు. బాబాయ్ కుర్చీ చూపించాడు.

పైకి చదివి అర్థం చెప్పాను. చాలా మర్యాదగా రాశారు. తమరు పంపిన ఇద్దరి కాగితాల్లో ఒకే పని, ఒకే మాటల్లో ఇద్దరి పేరునా ఉన్నదని గమనించాం. ఆ పని ఎవరిదో గైడుగా తమరు సంతకంతో తెలపగలరు. అలాగే, వాడకం మానేసిన బావుల్లో కొన్నిటినే ఎంచి కొన్నిటిని వదిలెయ్యడానికి ఆధారమేమిటో, ఉత్తరంలో దాన్ని తమరు అంతగా మెచ్చుకున్నారు కాబట్టి, తమరి మాటల్లో వివరించగలరు.

ఇద్దరూ కలిసి చేశారని రాసెయ్యండి అన్నాడాయన. నేను రాయను సార్, మీరు ఇంగ్లీషులో మీ చేత్తో రాయండి, మీరు రాసిందే అరబ్బీలో పెడతాను అని తెల్లకాగితం, పెన్ను ముందు పెట్టాను. ఈసారి గొంతు పెంచలేదు. లోపల మాత్రం కుతకుతలాడుతూనే ఉంది.

పెన్ను పట్టుకున్నాడు. కాగితం వైపు చూశాడు. ఆ బావుల్ని ఎలా ఎంచారో ఆయనకు తెలియదు. ఉత్తరం తనది కాదు, దాన్ని సరిగ్గా చదివిందీ లేదు. ఫ్యాను కింద ఆయన నుదురు చెమర్చింది. బాబాయ్ ఊరుకోలేక మంచినీళ్లు పోశాడు. చివరికి ఫోన్ తీశాడు. అబ్బాయికి చేస్తాడనుకున్నాను. మా పిల్లకి చేశాడు. ఎవరిని అడగాలో ఆయనకూ తెలుసు, మొదటినుంచీ తెలుసు. రాసుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండాలని ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు.

"అమ్మా, ఆ పాడుబడ్డ బావుల్ని ఎలా ఎంచావో కాస్త చెప్తావా? అర్జెంటుగా రాసివ్వాలి" అన్నాడు.

ఏదో ఒకటి అనాలని నోటి దాకా వచ్చింది, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఊరుకున్నాను.

"చెప్తాను సార్" అంది మా పిల్ల. "పెన్ను చేతిలో ఉందా? మొదటి వాక్యం రాసుకోండి. ఈ పని నా విద్యార్థిని చేసింది, ఆమె ఒక్కతే చేసింది, ఆమె గురించి నేను రాయాల్సింది రాయలేదు. అది రాసి, పైకి చదవండి. తర్వాత బావుల సంగతి చెప్తాను."

ఆయన నా వైపు చూశాడు, తర్వాత బాబాయ్ వైపు. ఫోన్లో అది ఎదురుచూస్తోంది. ఆయన వంగి రాయడం మొదలుపెట్టాడు. నేను అరబ్బీకి కాగితం సిద్ధం చేసుకున్నాను.